బెంగళూరు ప్రయాణానికి ముందు ఆ స్కాన్ కాగితాన్ని ఒకసారి సరిగా చదువుదాం

డాక్టరుగారికి నమస్కారం. మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. సంక్రాంతి సెలవుల్లో జ్వరం, నీళ్ల విరేచనాలు వచ్చి నాలుగు రోజుల్లో తగ్గిపోయాయి. అప్పటినుంచి బొడ్డు చుట్టూ నొప్పి అంటుంది. వారానికి మూడు నాలుగు సార్లు, ఎక్కువగా పొద్దున బడికి తయారయ్యే వేళ వస్తుంది. అరగంటో గంటో మెలికలు తిరిగిపోతుంది, ముఖం పాలిపోతుంది, తర్వాత మామూలుగా ఆడుకుంటుంది. నిద్రలో ఎప్పుడూ లేవలేదు. ముగ్గురు డాక్టర్లకు చూపించాం. నులిపురుగుల మందు మూడుసార్లు వేశాం. విడాల్ పరీక్షలో టైఫాయిడ్ అని వారం రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. రెండుసార్లు స్కాన్ తీస్తే పేగుల దగ్గర 4 నుంచి 6 మిల్లీమీటర్ల బిళ్లలు ఉన్నాయని వచ్చింది, మిగతాదంతా మామూలే అన్నారు. నొప్పి తగ్గడానికి డైసైక్లోమిన్ సిరప్ మూడు నెలలుగా వాడుతున్నాం. కారం పడదని మా అత్తమ్మ రెండు నెలలుగా పెరుగన్నం తప్ప ఏమీ పెట్టనివ్వడం లేదు. విరేచనం రెండు మూడు రోజులకొకసారి గట్టిగా అవుతుంది. బడిలో మరుగుదొడ్డికి వెళ్లదు. మే నెలలో జమ్మలమడుగులో మా అమ్మ ఇంట్లో ఉన్నప్పుడు నొప్పి దాదాపు రాలేదు. బడి తెరవగానే మళ్లీ మొదలైంది. అందుకే మా వారు నాటకం అంటున్నారు. కానీ బిళ్లల మాట విన్నప్పటి నుంచి ఆయనకూ భయమే. ఈ నెలాఖరుకు బెంగళూరులో ఎండోస్కోపీ, సీటీ స్కాన్‌కు ఏర్పాటు చేశారు. బడి కార్డులో పోయిన ఏడాది జూన్‌లో 125 సెంటీమీటర్లు, 22.5 కిలోలు. ఈ జులైలో 130.5 సెంటీమీటర్లు, 25 కిలోలు. ఇప్పటికి 23 రోజులు బడి పోయింది. పాపను తీసుకెళ్లాలా, వద్దా?

— ఒక తల్లి

అమ్మా, మీ ఇంటిని ఇంతగా భయపెట్టిన ఆ బిళ్లల సంగతి ముందుగా చూద్దాం. పేగులన్నిటినీ కడుపు వెనక గోడకు పట్టి ఉంచే పలుచని పొర ఒకటి ఉంటుంది. ఆ పొర నిండా లింఫ్ గ్రంథులు పుట్టుకతోనే ఉంటాయి. తిండితోనూ నీళ్లతోనూ లోపలికి వచ్చే క్రిములను పట్టుకోవడమే వాటి పని. బడి వయసు పిల్లల్లో ఈ పని ఎక్కువ కాబట్టి అవి పెద్దవాళ్లలోకన్నా కాస్త పెద్దగా కనిపిస్తాయి. అడ్డంగా కొలిచినప్పుడు 8 మిల్లీమీటర్లు దాటనంతవరకు వాటిని సాధారణంగానే లెక్కిస్తాం. కడుపునొప్పి అంటే తెలియని పిల్లలను వరుసగా పడుకోబెట్టి స్కాన్ తీసినా చాలామందిలో ఇవే బిళ్లలు కనబడతాయి. మీ పాప కాగితంలో ఉన్నది జబ్బు పేరు కాదు, మామూలు శరీరంలో ఉండే ఒక భాగం కొలత. రెండో స్కాన్‌లోనూ అదే కొలత వచ్చిందంటే అవి పెరగడం లేదని కూడా తెలుస్తోంది.

మన ప్రాంతంలో బిళ్లలు అనగానే క్షయ గుర్తొస్తుంది. ఆ భయం అర్థం లేనిది కాదు. కడుపు క్షయ ఉన్న మాట నిజం. అయితే దాని తీరు వేరు. గ్రంథులు పెద్దవై ఒకదానికొకటి అతుక్కుని ముద్దలా కనిపిస్తాయి, వాటి మధ్యభాగం కుళ్లినట్లు నల్లగా ఉంటుంది, పేగు గోడ మందమవుతుంది, కొన్నిసార్లు కడుపులో నీరు చేరుతుంది. బిడ్డకు సాయంత్రం పూట జ్వరం వస్తుంది, ఆకలి పోతుంది, బరువు తగ్గుతుంది. ఇవేవీ మీ ఉత్తరంలో లేవు. ఒక్క ప్రశ్న మాత్రం మీరే వేసుకోవాలి. గత రెండేళ్లలో ఇంట్లో గాని, పాప రోజూ వెళ్లే ఇంట్లో గాని ఎవరైనా క్షయకు మందులు వాడారా? వాడి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అప్పుడు ఆలోచన మారుతుంది.

విడాల్ గురించి కూడా ఒక మాట. అది రక్తంలో టైఫాయిడ్‌కు ఎదురు నిలిచే పదార్థాలను చూసే పరీక్ష. టీకా వేయించినా, ఎప్పుడో ఆ జబ్బు వచ్చి పోయినా అవి ఉంటాయి. జ్వరం లేని బిడ్డకు ఆ పరీక్ష చేయడానికి కారణమే లేదు. ఆ యాంటీబయాటిక్ వల్ల నొప్పి తగ్గకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మరి నొప్పి ఎక్కడిది? వీధిలో ఒకసారి దొంగ పడితే, ఆ తర్వాత నెలల తరబడి ఆ వీధి కుక్కలు ఎవరు నడిచినా మొరుగుతాయి. దొంగ వెళ్లిపోయాడు, మొరుగు మాత్రం నిజం. సంక్రాంతికి వచ్చిన విరేచనాల జబ్బు వెళ్లిపోయినా, పేగుల్లోని నరాలు ఆ మెలకువలోనే ఉండిపోయాయి. గాలి చేరడం, తిన్న అన్నం కదలడం, మలం పేరుకుని పేగు సాగడం వంటివి మామూలుగా మనకు తెలియకుండానే జరిగిపోతాయి. మీ పాపకు అవే నొప్పిగా తెలుస్తున్నాయి. బడికి తయారయ్యే హడావిడి, బస్సు వస్తుందన్న ఆత్రం మెదడు నుంచి అవే నరాల మీదికి దిగి ఆ నొప్పిని ఇంకా పెంచుతాయి. పేగుకు పుండు గాని, వాపు గాని లేకుండా ఇలా మళ్లీ మళ్లీ వచ్చే నొప్పిని ఫంక్షనల్ కడుపునొప్పి అంటారు. 1958లో జాన్ యాప్లీ అనే పిల్లల వైద్యుడు ఇంగ్లండులో వెయ్యిమంది బడిపిల్లలను చూసి, పదిమందిలో ఒకరికి ఇలాంటి నొప్పి ఉందని రాశాడు. నొప్పి బొడ్డుకు ఎంత దూరంగా ఉంటే జబ్బు ఉండే అవకాశం అంత ఎక్కువ అని ఆయన గమనించిన మాట ఇప్పటికీ మాకు పనికొస్తుంది. మీ పాప చేయి పెట్టి చూపించేది బొడ్డు చుట్టూనే.

ఇది మీ వారికి చదివి వినిపించండి. సెలవుల్లో తగ్గి బడితో పాటు తిరిగి రావడం నాటకానికి రుజువు కాదు. ముఖం పాలిపోవడాన్ని తొమ్మిదేళ్ల పిల్ల కావాలని తెచ్చుకోలేదు. పైగా మే నెలలో రెండు సంగతులు మారాయి. ఉదయం పరుగు లేదు, ఇష్టమైనప్పుడు మరుగుదొడ్డికి వెళ్లగలిగింది. ఆ రెండోదాని దగ్గర మనం ఎక్కువసేపు ఆగాలి.

రెండు మూడు రోజులకొకసారి గట్టిగా అవుతుందని మీరు రాశారు. మొత్తం ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. మలబద్ధకం ఉన్న బిడ్డకు నొప్పి మొదట దానివల్లే అనుకుని వైద్యం చేయాలి. అది పోయాక కూడా మిగిలితేనే ఫంక్షనల్ నొప్పి అనే పేరు పెట్టాలి. పాపకు మలబద్ధకం కలగడానికి దారులు కూడా మీ ఇంట్లో కనబడుతూనే ఉన్నాయి. బడిలో పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా బిగబట్టడం ఒకటి. పీచు లేని పెరుగన్నం ఒకటి. మూడోది ఆ సిరప్. డైసైక్లోమిన్ పేగుల కదలికను మందగింపజేస్తుంది, మలబద్ధకం తేవడం దానికి తెలిసిన దోషమే. నొప్పికి వేసిన మందే నొప్పికి మరో కారణమై ఉండవచ్చు. దాన్ని ఆపే మాట మీ డాక్టరుతో ఈ వారంలోనే మాట్లాడండి.

దీనికి వాడేది పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి. నీళ్లలో కలిపి తాగించాలి. రోజుకు కిలో బరువుకు సుమారు అర గ్రాముతో మొదలుపెడతారు, అంటే మీ పాపకు 12 గ్రాముల దగ్గర. కడుపు నొక్కి చూస్తే ఎడమవైపు కింద గట్టి ముద్దలు తగిలినట్లయితే మొదటి కొన్ని రోజులు ఇంకా ఎక్కువ ఇచ్చి లోపల పేరుకున్నదాన్ని బయటికి పంపాలి. అందుకే మోతాదు డాక్టరు చేయి పెట్టి చూసి నిర్ణయించాలి. రోజుకొకసారి, అరటిపండు గుజ్జులా మెత్తగా కావడం మన గురి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. వారంలో సాఫీగా కాగానే మందు ఆపేస్తారు, పదిహేను రోజుల్లో కథ మొదటికి వస్తుంది. సాగిపోయిన పేగు తన బిగువు తిరిగి తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది. కనీసం రెండు నెలలు వాడి, ఆ తర్వాత కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇది అలవాటైపోయే మందు కాదు.

పాపను ఇరవై నిమిషాలు ముందుగా లేపండి. టిఫిన్ అయిన పావుగంటలో పేగులు సహజంగానే కదులుతాయి. అప్పుడు ఐదు నుంచి పది నిమిషాలు కూర్చోబెట్టండి. ఇంట్లో కుర్చీ లాంటి కమోడ్ ఉంటే కాళ్లు వేలాడకుండా కింద చిన్న పీట వేయండి. అయినా కాకపోయినా పది నిమిషాలకు లేపేయండి, తిట్టవద్దు. బడికి వెళ్లి టీచరుతో ఒకసారి మాట్లాడండి. పాప చేయి ఎత్తి అడగకుండానే మరుగుదొడ్డికి వెళ్లి రావచ్చన్న అనుమతి కావాలి. ఆ గది తలుపుకు గడియ ఉందా, నీళ్లు వస్తున్నాయా, మీ కళ్లతో చూసి రండి. పిల్లలు వెళ్లకపోవడానికి కారణం చాలాసార్లు ఆ తలుపే.

పెరుగన్నం పత్యం ఈ రోజుతో ఆపండి. అత్తమ్మగారికి నా మాటగా చెప్పండి, ఆవిడ మనవరాలి మేలు కోరే చేశారు. కానీ కారం ఈ నొప్పికి మూలం కాదు. రాగిసంగటి, ఆకుకూర పప్పు, కూరలు, పండ్లు, వేరుశనగ, ఇంట్లో అందరూ తినేది తినాలి. ఒక్క పాల విషయంలో చిన్న పరీక్ష చేయవచ్చు. పొద్దున బస్సుకు ముందు పెద్ద గ్లాసు పాలు తాగే అలవాటు ఉందా? మనవైపు చాలామందికి పిల్లలు పెద్దవుతున్నకొద్దీ పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గుతుంది. రెండు వారాలు పాలు ఆపి పెరుగు కొనసాగించండి. ఉబ్బరం, నొప్పి తగ్గితే మళ్లీ మూడు రోజులు ఇచ్చి చూడండి. తిరిగి వస్తేనే పాలు కారణమని నమ్మాలి. తేడా లేకపోతే పాలు మళ్లీ మొదలుపెట్టండి. ఒక్కొక్క పదార్థం తీసేస్తూ పోతే చివరికి బిడ్డ పళ్లెంలో ఏమీ మిగలదు. మందు, పాల పరీక్ష రెండూ ఒకే వారం మొదలుపెట్టకండి, దేనివల్ల తగ్గిందో తెలియదు. మందు ముందు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. నొప్పి వచ్చినప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది? నేను ఊహిస్తాను. మీరు పక్కన కూర్చుని పొట్ట నిమురుతూ, ఎక్కడ నొప్పి, ఇంకా ఉందా, ఎంత ఉంది అని అడుగుతూ ఉంటారు. తల్లి చేయకుండా ఉండలేని పని అది. 2006లో అమెరికాలో లిన్ వాకర్ అనే పరిశోధకురాలు, ఆమె బృందం ఈ విషయాన్నే పరీక్షించి చూశారు. పిల్లల చేత కడుపు నిండా నీళ్లు తాగించి అసౌకర్యం కలిగేలా చేశారు. కొందరు తల్లిదండ్రులను ఆ బాధ గురించే మాట్లాడుతూ ఓదార్చమన్నారు, కొందరిని వేరే కబుర్లలో పెట్టమన్నారు. ఓదార్చిన చోట పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి, కబుర్లలో పెట్టిన చోట సగానికి తగ్గాయి. విచిత్రమేమిటంటే, మాట మళ్లిస్తే బిడ్డకు చెడు జరుగుతుందేమోనని నొప్పి ఉన్న పిల్లల తల్లిదండ్రులే ఎక్కువగా అనుకున్నారు.

అందుకని నొప్పి గురించి మీరుగా అడగకండి. తను చెప్పినప్పుడు ఒక్కసారి నమ్మినట్లు చెప్పండి: "నొప్పి నిజమేనమ్మా. నీ పొట్టలో నరాలు అనవసరంగా భయపడుతున్నాయి, లోపల ఏ గాయమూ లేదు. కాసేపటికి పోతుంది." తర్వాత చేయాల్సిన పని చెప్పండి. పొట్ట మీద చేయి పెట్టుకుని నాలుగు లెక్కపెట్టేదాకా శ్వాస లోపలికి, ఆరు లెక్కపెట్టేదాకా బయటికి, అలా పదిసార్లు. కావాలంటే ఐదు నిమిషాలు గోరువెచ్చని నీళ్ల సంచి. ఆ తర్వాత జడ వేయించుకోవడం, బస్సు. ఈ శ్వాస నొప్పి లేని సాయంత్రాల్లో ఆటలా నేర్పితేనే పొద్దున పనికొస్తుంది. బడిలో నొప్పి వస్తే టీచరు గదిలో పావుగంట పడుకుని మళ్లీ తరగతికి వెళ్లాలి, ఇంటికి ఫోను చేయకూడదు. ఎప్పుడైనా ఇంట్లో ఉండాల్సి వస్తే ఆ రోజు టీవీ, ఫోను ఉండవు, పడక, పుస్తకం మాత్రమే. అది శిక్ష కాదు, నొప్పి ఉన్న రోజు మిగతా రోజులకన్నా ఇష్టమైన రోజు కాకూడదని. మొదటి పది రోజులు నొప్పి ఎక్కువైనట్లు కనిపించవచ్చు. అక్కడ తడబడి వెనక్కి రావద్దు.

మీ పుస్తకంలో రాసుకోవలసింది నొప్పి ఎన్నిసార్లు అన్నది కాదు. ఎన్ని రోజులు బడికి వెళ్లింది, ఎన్ని రోజులు విరేచనం అయింది, ఈ రెండే. నొప్పి పూర్తిగా పోవడానికి ముందు బడి రోజులు పెరుగుతాయి. బాగుపడటం ఆ వరుసలోనే జరుగుతుంది.

నొప్పి లేని ఒక రాత్రి పక్కన పడుకుని బడి గురించి కూడా అడగండి. ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఏ టీచరంటే భయం, బస్సులో ఎవరి పక్కన కూర్చుంటుంది, ఎవరైనా ఇష్టం లేకుండా తాకారా. చివరి ప్రశ్న అడగడానికి నోరు రాదు, నాకు తెలుసు. అయినా అడగాలి.

ఇక బెంగళూరు. మీ ముందు మూడు దారులున్నాయి. నెలాఖరుకే వెళితే ఎండోస్కోపీకి మత్తు ఇస్తారు, సీటీకి రేడియేషన్ తగులుతుంది. మీరు రాసిన లక్షణాలతో అవి మామూలుగా వచ్చే అవకాశమే చాలా ఎక్కువ. పూర్తిగా మామూలుగా రాకపోతే ఇంకో చిక్కు. జీర్ణాశయంలో కొద్దిపాటి ఎరుపు, మనదేశంలో ఎందరిలోనో ఉండే హెలికోబాక్టర్ క్రిమి వంటివి బయటపడతాయి. వాటికి మళ్లీ రెండు మూడు యాంటీబయాటిక్‌లు, మళ్లీ ఎదురుచూపు. తన పొట్టలో ఏదో పెద్దది ఉందని పాప మనసులో ముద్ర పడుతుంది. రెండో దారి, నాటకమని బలవంతంగా బస్సెక్కించడం. కొన్ని రోజులు బడి నడుస్తుంది, మలబద్ధకం అలాగే ఉంటుంది, నమ్మరని తెలిశాక బిడ్డ మరింత గట్టిగా ఏడవాల్సి వస్తుంది. మూడోది, ప్రొద్దుటూరులోనో కడపలోనో ఒకే పిల్లల డాక్టరును పట్టుకుని పైన చెప్పినట్లు రెండు నెలలు నడవడం. మొదటి రోజున ఆయన కడుపు నొక్కి చూసి, ఎత్తు బరువు కొలిచి, ఇంతకుముందు చేసి ఉండకపోతే రక్తకణాల లెక్క, ఒంట్లో వాపు ఉందేమో రక్తంలో చూసే సీఆర్‌పీ లేదా ఈఎస్‌ఆర్, మూత్రం, మలం పరీక్షలు ఒక్కసారి చేయిస్తే సరిపోతుంది. దీనిలో ఇబ్బంది ఏమిటంటే, "ఏమీ చేయించడం లేదా" అనే చుట్టాలకు రెండు నెలలు మీరే జవాబు చెప్పుకోవాలి. నేనైతే మూడోదాని వైపే ఉన్నాను. నాకు ఆ ధైర్యం మీ బడి కార్డు ఇచ్చింది. ఏడాదికి కొంచెం పైన 5.5 సెంటీమీటర్లు, 2.5 కిలోలు పెరిగిన పిల్ల పేగుల్లో జబ్బు దాక్కుని ఉండటం అరుదు.

నా మాటను వెంటనే పక్కన పెట్టి పరీక్షలకు వెళ్లాల్సిన సంగతులు కూడా చెప్పాలి. నొప్పి గాఢనిద్రలోంచి లేపితే (నిద్ర పట్టకముందు నొప్పి అనడం వేరు). బొడ్డు వదిలి కుడివైపు కిందో, పక్కటెముకల కిందో ఒకే చోట నిలిస్తే. మలంలో రక్తం, ఆకుపచ్చ వాంతి, ఆగని వాంతులు, రాత్రిపూట విరేచనాలు, కారణం తెలియని జ్వరం, కళ్లు పసుపెక్కడం, మూత్రంలో మంట, కీళ్ల వాపు, మలద్వారం దగ్గర పుండ్లు కనిపిస్తే. బరువు తగ్గినా, ఎత్తు ఆగిపోయినా. వీటిలో ఒక్కటి ఉన్నా ఆ పరీక్షలు అనవసరం కావు, అప్పుడు నేనే వెళ్లమంటాను. ఇంకొకటి గుర్తుంచుకోండి. ఫంక్షనల్ నొప్పి ఉన్న పిల్లకు అపెండిసైటిస్ రాదని ఏమీ లేదు. ఎప్పటిలా గంటలో పోకుండా నొప్పి గంటల తరబడి పెరుగుతూ కుడివైపు కిందికి దిగి, జ్వరం వచ్చి, పాప వంగి నడుస్తుంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

బెంగళూరు అపాయింట్‌మెంటును రద్దు చేయమని మీ వారితో గొడవపడకండి, సెప్టెంబరు చివరికి జరపమనండి. అప్పటికి విరేచనం సాఫీగా అవుతూ బడి నడుస్తుంటే ఆయనే వద్దంటారు. మలబద్ధకం పూర్తిగా పోయినా పాప బడికి వెళ్లలేకపోతుంటే, ముందు పిల్లల మనస్తత్వ నిపుణుల దగ్గర నొప్పిని తట్టుకునే శిక్షణకు వెళ్లండి. ఈ జబ్బుకు మందులకన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది. ఒకవేళ బెంగళూరు వెళ్లినా సీటీకన్నా ముందు పిల్లల జీర్ణకోశ వైద్యులతో మాట్లాడాలని అడగండి. రెండు స్కాన్ కాగితాలు, బడి కార్డు, మీరు రాసుకున్న పుస్తకం తీసుకెళ్లండి. బయలుదేరే ముందు పాపను అదే గోడకు నిలబెట్టి ఎత్తు మరోసారి కొలిచి ఆ కార్డులో తేదీతో రాయండి.